ఎండలో బండి నడపడానికి కూలింగ్ గ్లాసులు: ఎంత నలుపు చాలు?

కూలింగ్ గ్లాసులు కొనేటప్పుడు చాలామంది చూసేది నలుపే. ఎంత నల్లగా ఉంటే కంటికి అంత చలువ అనుకుంటారు. బండి నడిపేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు.

ముందు కాడ లోపలి వైపు చూడండి. మంచి అద్దాలకు అక్కడో, వెంట ఇచ్చే కాగితంలోనో కేటగిరీ నంబరు ఉంటుంది. వచ్చిన వెలుతురులో 18 నుంచి 43 శాతం లోపలికి పంపితే కేటగిరీ 2. 8 నుంచి 18 శాతమైతే 3. 3 నుంచి 8 శాతమే పంపేది 4. ఇది మంచు కొండల మీద తిరిగేవాళ్లకోసం, దీంతో పగలు కూడా బండి నడపకూడదు. నడినెత్తిన ఎండకు 3 సరిపోతుంది. మబ్బులు వచ్చిపోయే రోజుల్లో, చెట్ల నీడ ఎక్కువున్న దారుల్లో 2 హాయి.

పొరపాటు జరిగేది ఇక్కడ కాదు, పొరలు కలిసే చోట. 15 శాతం వెలుతురు పంపే కేటగిరీ 3 అద్దాలు పెట్టుకుని, సగం వెలుతురే పంపే హెల్మెట్ నల్ల వైజర్ దించారనుకోండి. 15లో సగం, అంటే 7.5 శాతమే కంటికి చేరుతుంది. దుకాణంలో కొన్నది 3, రోడ్డు మీద వాడుతున్నది 4! ఎండలో బాగానే ఉంటుంది. ఫ్లైఓవర్ కిందికి దూరగానే గుంత, స్పీడ్ బ్రేకర్, అడ్డొచ్చిన కుక్క ఏవీ ఆనవు. కాబట్టి నల్ల వైజర్ ఉంటే మామూలు అద్దాలు, కూలింగ్ గ్లాసులు ఉంటే తెల్ల వైజర్. కారులోనూ ముందు అద్దం కొంత వెలుతురును ఆపుతుంది గనుక కేటగిరీ 3లో మరీ నల్లటివి తీసుకోవద్దు. పొద్దు వాలాక ఏ కేటగిరీవైనా తీసేయాల్సిందే.

నలుపుకీ అతినీలలోహిత, అంటే యూవీ కిరణాలను ఆపడానికీ సంబంధం లేదు. ఆ కిరణాలను ఆపని నల్లద్దం వెనక కనుపాప పెద్దదవుతుంది, దాంతో అవి ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. ‘యూవీ 400’ అన్న స్టిక్కర్‌ను నమ్మే బదులు, కళ్లద్దాల షాపులో యూవీ మీటర్ ఉంటే పెట్టి చూపించమనండి, నిమిషం పని. రంగు విషయానికొస్తే బూడిద లేదా గోధుమ రంగు మంచిది. నీలం, గులాబీ అద్దాల్లో సిగ్నల్ రంగులు తేడాగా కనిపించవచ్చు.

ఇక పోలరైజ్డ్ అద్దాలు. తడి రోడ్డు, కారు బానెట్, డాష్‌బోర్డు లాంటి బల్లపరుపు తలాల మీద తగిలి వచ్చే మెరుపును ఇవి కోసేస్తాయి. కారు నడిపేవాళ్లకు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. బైక్ మీద మాత్రం ఆలోచించాలి. రోడ్డు మీద ఒలికిన ఆయిల్, నీటి చెమ్మ మనకు తెలిసేది ఆ మెరుపు వల్లే, అది పోతే జారే చోటు ముందుగా పట్టుబడదు. డిజిటల్ మీటర్ కొన్ని కోణాల్లో నల్లబడిపోతుంది. కొన్ని హెల్మెట్ వైజర్ల గుండా చూస్తే ఇంద్రధనుస్సు రంగుల మచ్చలు కూడా తేలతాయి. అందుకే కొనే ముందు అద్దాలు పెట్టుకుని, మీ బండి మీటర్ ముందు కూర్చుని తలను కుడికీ ఎడమకీ వంచి చూడండి. అంకెలు మసకబారితే ఆ జత మీ బండికి కాదు. రోజూ టూవీలర్ మీద వెళ్లేవాళ్లకు పోలరైజ్డ్ కాని కేటగిరీ 3 పాలికార్బనేట్ అద్దాలే మా ఓటు. ఆ ప్లాస్టిక్ గాజులా ముక్కలై కంట్లో గుచ్చుకోదు.

పక్కల కప్పు ఎంతుండాలన్నది చాలామంది వదిలేసే సంగతి. చిన్న చదునైన ఫ్రేములో ఎండ, దుమ్ము, గాలి పక్క సందుల్లోంచి వస్తాయి. గాలికి కన్నీళ్లు కారితే ఎంత మంచి లెన్సయినా దండగే. పైగా వెనకనుంచి పడ్డ ఎండ లెన్స్ లోపలి వైపు తగిలి కంట్లోకి కొడుతుంది. ముఖం చుట్టూ వంపు తిరిగిన ఫ్రేము దీనికి మందు. టేబుల్ ఫ్యాన్ పక్కగా పెట్టి నిలబడితే సందు ఎక్కడుందో తెలిసిపోతుంది.

కానీ కప్పు పేరుతో వెడల్పు కాడలు తీసుకుంటే పక్కచూపు పోతుంది. చూపు ముందుకే నిలిపి, చేతిని పక్కకు చాచి వేలు ఆడించండి. భుజానికి సూటిగా ఉన్న వేలి కదలిక కాడ వెనక దాక్కుంటే, పక్కనుంచి వచ్చే ఆటో కూడా అలాగే దాక్కుంటుంది. కాడలు సన్నగా, తిన్నగా ఉంటే హెల్మెట్ పెట్టుకున్నాక కూడా సులువుగా దూరతాయి. లావు కాడలను హెల్మెట్ మెత్తలు చెవుల పైన నొక్కి కాసేపటికే తలనొప్పి తెప్పిస్తాయి. అందుకే షాపుకి హెల్మెట్ పట్టుకెళ్లండి. పవర్ ఉన్నవాళ్లు బాగా వంపున్న ఫ్రేములో లెన్స్ వేయిస్తే అంచుల్లో చూపు వంకర పోవచ్చు, ఆర్డరిచ్చే ముందు ఆప్టీషియన్‌ను అడగాలి.

వాడాక డాష్‌బోర్డు మీద వదిలేయకండి. ఎండలో నిలిపిన కారు వేడికి చవక పోలరైజ్డ్ లెన్సుల్లో పొర విడిపోతుంది. అంచుల దగ్గర బుడగలు, అలల్లాంటి గీతలు కనిపించాయంటే, వాటితో బండి నడపడం మానేయాలి.