గొంతు అంకెలుగా మారే తీరు – 3వ పాఠం: సెకనుకు 8000 ఎందుకు?

గత పాఠంలో మైకు గొంతును ఎగుడుదిగుడు వోల్టేజీగా మార్చే చోట ఆగాం. ఇప్పుడు ఆ వోల్టేజీని రెండు రకాలుగా ముక్కలు చేయాలి. ముందు కాలాన్ని: సమాన వ్యవధుల్లో వోల్టేజీ ఎంతుందో కొలుస్తూ పోవడం శాంప్లింగ్. తర్వాత ఎత్తును: కొలిచిన విలువను దగ్గర్లో ఉన్న మెట్టుకు సర్దడం క్వాంటైజేషన్. ఈ రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. శాంప్లింగ్ పద్ధతిగా చేస్తే గొంతులో ఏమీ పోదు. క్వాంటైజేషన్ ఎంత పద్ధతిగా చేసినా కొంత పోతుంది.

టెలిఫోను మోసుకెళ్ళేది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. మాటలు అర్థం కావడానికి అది చాలు, కానీ ‘స’, ‘ఫ’ల బలంలో చాలా భాగం అంతకు పైన ఉంటుంది. ఫోనులో పేర్లు చెప్పేటప్పుడు ఆ రెండూ కలిసిపోయేది అందుకే. ఒక తరంగాన్ని శాంపిళ్ళ నుంచి తిరిగి కట్టాలంటే, అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలన్నది నైక్విస్ట్ నియమం. 3400కు రెట్టింపు 6800. మరి 8000 ఎక్కడిది?

నియమం తప్పితే ఏమవుతుందో ముందు చూద్దాం. సెకనుకు 8000 సార్లు కొలిచే యంత్రంలోకి 5000 హెర్ట్జ్ ఈల ఒకటి దూరిందనుకోండి. ఒక శాంపిల్ నుంచి తర్వాతి శాంపిల్‌కు ఆ తరంగం 5/8 చుట్టు, అంటే 225 డిగ్రీలు తిరుగుతుంది. 3000 హెర్ట్జ్ ఈలయితే 135 డిగ్రీలు తిరుగుతుంది. రెంటి కొసైన్ విలువలనూ పక్కపక్కన పెడితే:

```
n            0      1      2      3      4
5000 Hz    1.00  -0.71   0.00   0.71  -1.00
3000 Hz    1.00  -0.71   0.00   0.71  -1.00
```

రెండు వరుసల్లో ఒకే అంకెలు. ముందుకు 225 డిగ్రీలు తిరిగినా వెనక్కు 135 తిరిగినా చేరే చోటు ఒకటే కదా. ఈ అంకెలు అందుకున్న అవతలి యంత్రానికి అసలు వచ్చింది 5000 అని తెలిసే దారి లేదు, అది 3000నే వినిపిస్తుంది. ఇదే ఏలియాసింగ్. 4000కు పైన ఎంత దూరంలో ఉన్న ధ్వని, కిందకు అంతే దూరంలోకి మడతపడుతుంది. ఒకసారి గొంతు మధ్యలోకి మడతపడ్డాక దాన్ని ఏ ఫిల్టరూ విడదీయలేదు. అందుకే ఫిల్టర్ శాంప్లింగ్‌కు ముందే ఉండాలి.

8000 రహస్యం ఆ ఫిల్టర్‌లోనే ఉంది. 3400 వరకు పూర్తిగా వదిలి, 3401 దగ్గర గోడ కట్టినట్టు ఆపే ఫిల్టర్‌ను ఎవరూ తయారుచేయలేరు. ఏ ఫిల్టరైనా ఏటవాలుగానే దిగుతుంది. 6800 సార్లు కొలిస్తే 3500 వచ్చి 3300 మీద పడుతుంది, వాలుకు చోటే లేదు. 8000 సార్లు కొలిస్తే 3400 మీదకు మడతపడేది 4600. కాబట్టి 3400 నుంచి 4600 దాకా, 1200 హెర్ట్జ్ పొడవునా ఫిల్టర్ నింపాదిగా దిగవచ్చు. 4000 దగ్గర ఇంకా కొంత ధ్వని మిగిలి ఉన్నా నష్టం లేదు. అది పడేది 3400, 4000ల మధ్య, అక్కడ మనకు కావలసిన గొంతు లేదు. చవకగా చేయగల ఫిల్టర్‌కు ఆ చోటు సరిపోయింది. పైగా డిజిటల్ రాకముందే, ఒకే తీగ మీద ఎన్నో సంభాషణలు పంపే అనలాగ్ వ్యవస్థల్లో ఒక్కో గొంతుకు 4000 హెర్ట్జ్ గది కేటాయించే అలవాటు ఉంది. దానికి రెట్టింపు 8000. రెండు లెక్కలూ ఒకేచోట కలిశాయి.

కంప్యూటర్లో SoX అనే ధ్వని ప్రోగ్రాం ఉంటే దీన్ని చెవితోనే తేల్చుకోవచ్చు:

```
sox -n -r 48000 -b 16 t5.wav synth 3 sine 5000 vol 0.5
sox t5.wav bad.wav downsample 6
sox t5.wav good.wav rate 8000
sox -n -r 8000 -b 16 t3.wav synth 3 sine 3000 vol 0.5
```

`downsample` ఫిల్టర్ లేకుండా ఆరింటిలో ఒక శాంపిల్ ఉంచి మిగతావి పారేస్తుంది. `bad.wav` విని వెంటనే `t3.wav` వినండి, ఒకే ఈల. `rate` ముందు ఫిల్టర్ వేస్తుంది కనుక `good.wav`లో దాదాపు నిశ్శబ్దమే ఉంటుంది. అక్కడ నిశ్శబ్దమే సరైన జవాబు.

ఇక ఎత్తు సంగతి. గొంతు గరిష్ఠ ఎత్తును 4096 అనుకుందాం, ధన రుణ రెండు వైపులా. ఒక్కో శాంపిల్‌కు 8 బిట్లు ఇస్తే, ఒకటి గుర్తుకు పోగా మిగిలిన 7 బిట్లతో 128 మెట్లు వస్తాయి. అన్నీ సమానంగా కోస్తే మెట్టు ఎత్తు 32. మెల్లగా మాట్లాడేవారి శాంపిల్ ఒకటి 10 అయితే, అది 0–32 మెట్టులో పడి మధ్య విలువ 16గా అవతలికి చేరుతుంది. 10లో 6 తప్పు! 32 దాటని గొంతంతా +16, -16 అనే రెండే విలువలుగా మారి గరగరలాడుతుంది. గట్టిగా అరిచిన 2950 మాత్రం 2960గా చేరుతుంది. ఆ 10 తేడాను ఏ చెవీ పట్టదు. అవసరం లేనిచోట సన్నని మెట్లు, అవసరమైనచోట మొరటు మెట్లు అన్నమాట.

ఏ-లా అనే మెట్ల పద్ధతి దీన్ని సర్దుతుంది. 4096 ఎత్తును 8 ఖండాలు చేసి, ఒక్కోదాంట్లో 16 మెట్లు పెడుతుంది. 0–32, 32–64 ఖండాల్లో మెట్టు 2. అక్కడి నుంచి ప్రతి ఖండంలోనూ రెట్టింపవుతూ, చివరిదైన 2048–4096లో 128 అవుతుంది. ఇప్పుడు 10 పడేది 10–12 మెట్టులో, 11గా చేరుతుంది, తప్పు 1. మరి 2950? చివరి ఖండంలో 2048 తీసేస్తే 902, దాన్ని 128తో భాగిస్తే 7 మీద కొంత. ఆ మెట్టు 2944–3072, మధ్య విలువ 3008. తప్పు 58కి పెరిగింది, అయినా అసలు విలువలో అది 2 శాతమే. గట్టి గొంతే ఆ తప్పును కప్పేస్తుంది.

2950 తీగ మీదకు ఎలా వెళ్తుందో చూడండి. ఖండాలనూ మెట్లనూ 0 నుంచి లెక్కపెడతాం:

```
గుర్తు ధనం    1
ఖండం 7        111
మెట్టు 7       0111
కోడ్           11110111
01010101తో XOR  10100010
```

చివరి వరుసలో ఒకటి విడిచి ఒకటి బిట్‌ను తిరగేశాం. ఫోనులో ఎక్కువసేపు ఉండేది నిశ్శబ్దమే. తిరగేయకపోతే అప్పుడు తీగ మీద సున్నాల వరుసే నడుస్తుంది, అవతలి యంత్రం తన గడియారాన్ని సరిచూసుకోవడానికి మార్పులు దొరకవు.

ఉత్తర అమెరికా, జపాన్‌లలో దీని బదులు మ్యూ-లా వాడతారు. లెక్క దాదాపు అదే కానీ కోడ్‌లు వేరు. ఒకవైపు ఏ-లా, మరోవైపు మ్యూ-లా పెట్టి ఉంటే మాట అర్థమవుతుంది గానీ బరబరలాడుతుంది, మాట ఆగినప్పుడు కూడా రొద ఆగదు. లైనులో అసలైన రొదా, ఈ పొరపాటా అని తేల్చడానికి అదే ఫైలును రెండు రకాలుగా వినండి:

```
sox voice.wav -r 8000 -c 1 -e a-law voice.al
play -t al -r 8000 voice.al
play -t ul -r 8000 voice.al
```

మూడో వరుస వినిపించే రొద ఒకసారి చెవిన పడితే మళ్ళీ గుర్తుపట్టడం కష్టం కాదు.

శాంపిల్‌కు 8 బిట్లు, సెకనుకు 8000 శాంపిళ్ళు: ఒక గొంతుకు సెకనుకు 64,000 బిట్లు. శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య ఉన్నది 125 మైక్రోసెకన్లు. ఆ ఖాళీలో మరో 29 మంది బిట్లను ఎలా ఇరికిస్తారో వచ్చే పాఠంలో. ఈలోగా -100ను ఏ-లా కోడ్‌లోకి మార్చి చూడండి. రుణ గుర్తుకు మొదటి బిట్ 0. తిరగేశాక 01111100 రావాలి. వేరేది వస్తే, 100 పడింది 64–128 ఖండంలో అనీ, అక్కడ మెట్టు 4 అనీ మరోసారి చూసుకోండి.