రిజల్ట్స్ బాగున్నాయి, షేరు పెరిగింది, మరి కాల్ ఆప్షన్ ఎందుకు పడిపోయింది?

జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో కంపెనీల ఫలితాలు మొదలవగానే విజయనగరంలో నాకు ఫోన్లు మొదలవుతాయి. మొన్న గంటస్తంభం దగ్గర కలిసిన కుర్రాడిదీ అదే బాధ. "అన్నయ్యా, నేను అనుకున్నట్టే షేరు మూడు శాతం పెరిగింది. నా కాల్ మాత్రం సగానికి పడిపోయింది. యాప్‌లో ఏదో తేడా ఉంది."

కాల్ అంటే షేరును స్ట్రైక్ అనే ముందే ఖాయమైన ధరకు కొనే హక్కు. యాప్‌లో తేడా ఏమీ లేదు. కొనే ముందు ఆప్షన్ చైన్‌లో IV అనే గడి చూశావా అని అడిగాను. చూడలేదన్నాడు. నన్ను అడిగేవాళ్లలో చాలామంది చూడరు.

ముందు తీసేయాల్సిన అనుమానాలు

రోజులు గడిచేకొద్దీ ఆప్షన్ ధర కరగడాన్ని టైమ్ డికే అంటారు. చాలామంది దాని మీద నెపం వేస్తారు. ఆప్షన్ గడువు తీరే రోజుకు, అంటే ఎక్స్‌పైరీకి పది రోజులుండగా ఒక్క రోజు గడిస్తే ఇరవై రూపాయల ఆప్షన్‌లో పోయేది సుమారు రెండు రూపాయలు. సగం పోదు. ఉదయం 9:15కి కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువగా ఉండి రేటు తప్పుగా కనిపించడం కూడా ఉంటుంది కానీ, అది కాసేపట్లో సర్దుకుంటుంది.

అసలు కారణం

ఫలితాలు ఎలా వస్తాయో తెలియనప్పుడు ఆప్షన్ అమ్మేవాడికి భయం ఎక్కువ. ఆ భయానికి అతను వేసే ధరే ఇంప్లైడ్ వొలటాలిటీ, అంటే ఐవీ. సిరిమానోత్సవం ముందు రోజు పూల ధర, మర్నాటి పూల ధర ఒకటి కావు కదా. ఇదీ అంతే. ఫలితం బయటపడగానే తెలియనిదంటూ మిగలదు, ఐవీ కూలిపోతుంది. ఫలితం మంచిదైనా, చెడ్డదైనా కూలుతుంది. మార్కెట్ మూసేశాక ఫలితం వస్తే మర్నాడు మొదటి రేటులోనే ఆ పతనం ఉంటుంది కాబట్టి నష్టం ఒక హద్దు దాటగానే అమ్మేసేలా పెట్టుకునే స్టాప్‌లాస్ కూడా కాపాడదు.

ఆ కుర్రాడి లెక్కనే సులువైన అంకెల్లో చెబుతాను. షేరు 1000, ఎక్స్‌పైరీకి పది రోజులు, ఐవీ 60 శాతం. అప్పుడు 1000 స్ట్రైక్ ఉన్న కాల్ సుమారు 40 రూపాయలు, 1050 కాల్ సుమారు 20. చవగ్గా ఉందని అతను 1050 కొన్నాడు. మర్నాడు షేరు 1030, ఐవీ 30. ఐవీ 60 దగ్గరే ఉండి ఉంటే అతని కాల్ 30 రూపాయలయ్యేది. ఐవీ సగమవడంతో 11 దగ్గర ఆగింది. షేరు పెరగడం వల్ల వచ్చిన లాభాన్ని మింగేసి, పెట్టుబడిలో దాదాపు సగం తీసుకుపోయింది. 1000 కాల్ కొన్నవాడికి 40 కాస్తా 38 అయింది. చవక ఆప్షన్‌కే దెబ్బ ఎక్కువ, ఎందుకంటే దాని ధర మొత్తం ఆశే. ఒకప్పుడు నేనూ ఇలాగే చవక స్ట్రైక్‌లు కొని, షేరు దిశ సరిగ్గా చెప్పి కూడా డబ్బు పోగొట్టుకున్నాను. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

పరిష్కారం

కొనే ముందు షేరు ధరకు దగ్గరున్న స్ట్రైక్‌లో కాల్ ధర, అమ్మే హక్కైన పుట్ ధర కలపండి. ఇక్కడ 40, 40 కలిపి 80, అంటే షేరులో 8 శాతం. సుమారుగా అంత కదలికకు మార్కెట్ ముందే డబ్బు తీసుకుంటోందని అర్థం. మీరు ఆశించేది మూడు శాతమైతే, మీ అంచనా నిజమైనా ఆ ధర గిట్టదు. అదే షేరుకు ఫలితాలు లేని రోజుల్లో ఐవీ ఎంత ఉండేదో కూడా చూడండి. అంతవరకూ పడుతుందనే లెక్క వేసుకోవాలి.

అయినా కొనాలనుకుంటే 1000 కాల్ కొని, 1050 కాల్ అమ్మండి. ఖర్చు 20. మర్నాడు అదే 38, 11 ధరల దగ్గర ఆ జత విలువ 27. కొన్నదాన్ని కోసిన ఐవీ పతనమే అమ్మినదానిలో మీకు తిరిగొస్తుంది. ముందు కొనండి, తర్వాత అమ్మండి. అప్పుడే బ్రోకర్ దగ్గర హామీగా ఉంచాల్సిన మార్జిన్ తక్కువ పడుతుంది. షేరు 1100కి ఎగిరినా ఈ జత విలువ 50 దాటదు. ఆ పరిమితికి ఒప్పుకోవాలి.

ఇప్పటికే కొని నష్టంలో ఉన్నవాళ్లు "మళ్లీ పెరుగుతుందిలే" అని కూర్చోవద్దు. షేరు ఇంకా పెరిగితే ఆప్షన్ కోలుకోవచ్చు గానీ, పోయిన ఐవీ మామూలుగా మళ్లీ ఫలితాల ముందే పెరుగుతుంది. అప్పటికి మీ ఎక్స్‌పైరీ ఎప్పుడో అయిపోతుంది. ఈ రోజు, ఈ ధరకు, ఇదే ఆప్షన్‌ను కొత్తగా కొంటారా? కొనరంటే అమ్మేయండి.