రిపోర్టులో పొటాష్ ‘ఎక్కువ’, మొక్కజొన్న ఆకు అంచు మాత్రం ఎండింది: నా అనుభవం

హైదరాబాద్‌లో ఉంటూ చేవెళ్ల వైపు నల్లరేగడిలో మొక్కజొన్న వేస్తాను. పొటాష్ లోపంలా కింది ఆకుల అంచులు ఎండిపోతున్నా, మట్టి పరీక్ష రిపోర్టులో పొటాష్ ‘ఎక్కువ’ అనే వచ్చేది. యూరియా పెంచాను, జింక్ చల్లాను, ల్యాబ్ మార్చాను, లాభం లేదు.

చివరికి చేసింది ఇది. లీటరు నీళ్లలో 2 గ్రాముల ఎంవోపీ అనే పొటాష్ ఎరువు కరిగించి, అందులో 100 మి.లీ. కిలో పొడిమట్టికి పోశాను. అంటే దాదాపు 100 మి.గ్రా. పొటాషియం. ఇంకో కిలోకి అంతే మంచినీళ్లు. రెండింటినీ మూడుసార్లు తడిపి, నీడలో ఆరబెట్టి, ఒకే ల్యాబుకి ఇచ్చాను. మంచినీళ్ల మట్టిలో పొటాషియం కిలోకి 175 మి.గ్రా., ఎరువు మట్టిలో 213. వేసింది వంద, తేలింది 38! మిగతాది బంకమట్టి పొరల మధ్య ఇరుక్కుంది.

అందుకే ఎంవోపీ పొలమంతా చల్లడం మానేసి, సాళ్ల పక్కన నాలుగు వేళ్ల దూరంలో గీతలా వేశాను, విత్తేటప్పుడు సగం, నెల తర్వాత సగం. తక్కువ మట్టికి తగిలితే తక్కువే ఇరుక్కుంటుంది. వేయకుండా వదిలిన నాలుగు సాళ్లలోనే ఆకులు మళ్లీ ఎండాయి.

ఇది ఒక్క పొలం, ఒక్క పంట మాట. ఎర్ర చల్కాల్లో ఇంత ఇరుక్కోకపోవచ్చు.