హై-హ్యాట్ టకటకమంటాంటే ఇట్లా చేయండి
మన అనంతపురం పక్క కవర్ సాంగ్స్ చేసే పిల్లోళ్లు కంప్యూటర్లో ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్ వింటాంటా, హై-హ్యాట్ నోట్లన్నిటికీ వెలాసిటీ, అంటే దెబ్బ ఎంత గట్టిగా పడాలనేది, 100 మీదే ఉంటాది, అందుకే కుట్టుమిషన్ లెక్క టకటకమంటాది. ర్యాండమైజ్ ఒక్కటే నొక్కి వదిలేయాకండప్పా, డ్రమ్మర్ చెయ్యి అట్లా ఇష్టమొచ్చినట్టు పడదు. బీట్‌లో నాలుగు సిక్స్‌టీన్త్ నోట్లుంటే మొదటిది 100, మూడోది 80, రెండూ నాలుగూ 55-65 మధ్య పెట్టండి, సగం పని దీంతోనే అయిపోతాది. స్వింగ్ 54-56% చాలు (50 అంటే స్ట్రెయిట్), 66 దగ్గరికి పోతే పూర్తి షఫుల్ అయిపోయి పాట నడకే మారిపోతాది. కిక్ గ్రిడ్ మీదే ఉంచి స్నేర్ మాత్రం 8-10 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేట్టు జరపండి, మరీ ఎక్కువ జరిపితే దానికి జోడీగా ఉన్న క్లాప్‌తో కలవక రెండు దెబ్బలు వినబడతాయి, అప్పుడు తగ్గించుకోండి. ఇదంతా అయినాక మళ్లీ క్వాంటైజ్ మాత్రం కొట్టొద్దు, జరిపిందంతా గ్రిడ్ మీదికే వచ్చేస్తాది.