ఒకే పోలికతో పాట – 3వ పాఠం: నది పాటలోకి దూరే పరాయి బొమ్మలు

కిందటి పాఠంలో ఒక పట్టీ రాసుకున్నాం. పాట సంగతి, కలిసి పెరిగి మాటలు లేకుండా విడిపోయిన అన్నదమ్ములది. పోలిక నది. అన్నదమ్ములిద్దరూ ఒకే నది చీలిన రెండు పాయలు, జ్ఞాపకాలు అడుగున పేరుకున్న ఒండ్రు, మౌనం మధ్యలో వేసిన ఇసుక మేట. కావ్యశాస్త్రంలో దీన్నే సాంగరూపకం అంటారు, అంటే అంగాలన్నిటితో సహా సాగే రూపకం. పట్టీ ఎంత బాగున్నా చరణం రాసేటప్పుడు చెయ్యి జారుతుంది. ఈ చిత్తుప్రతి చూడండి:

నువ్వు లేని దారిలో గుండె మండిపోయె
చిన్ననాటి జ్ఞాపకం మళ్ళీ చిగురించె
పలకరింపు లేకనే గోడ లేచిపోయె
నీ దరికే చేరగా పడవ ఎక్కుతాను

మొదటి మూడు పాదాల్లో తప్పు క్రియాపదాల దగ్గర ఉంది. మండడం నిప్పు పని, చిగురించడం చెట్టు పని, లేచింది గోడ. రోజువారీ మాటల్లో ‘గుండె మండింది’ అంటే ఎవరికీ మంట కనబడదు. ఆ పోలిక అరిగిపోయింది. కానీ పల్లవి నుంచీ నీళ్లను చూస్తున్న శ్రోతకు ఆ అరిగిన మాటలోని నిప్పు మళ్లీ కనబడుతుంది, నది కాసేపు మాయమవుతుంది. అందుకే నామవాచకాల కంటే ముందు క్రియలను వెతకాలి. ప్రతి క్రియ కింద గీత గీసి, ‘ఈ పని నీళ్లు చేస్తాయా?’ అని అడగండి. చేయవంటే రెండో ప్రశ్న: ‘ఈ మాట వేరే బొమ్మ ఏదైనా చూపిస్తోందా?’ చూపించకపోతే ఉండనివ్వొచ్చు. ‘పలకరింపు లేకనే’ మామూలు మనుషుల మాట, దానికి బొమ్మ లేదు కాబట్టి నదికి అడ్డురాదు.

నాలుగో పాదంలో తప్పు పట్టుకోవడం కష్టం. పడవ నదిలోదేగా అనిపిస్తుంది. కానీ ఈ పాటలో మాట్లాడేది నదీపాయే. నది పడవ ఎలా ఎక్కుతుంది? నది తానైనవాడు ఉన్నట్టుండి ప్రయాణికుడైపోయాడు. బొమ్మ మారకపోయినా పాత్ర మారిపోయింది. ‘నేను ఎవరు, నువ్వు ఎవరు’ అని పట్టీ పైన రాసిపెట్టుకుని, ప్రతి పాదం రాశాక దాన్ని ఒకసారి చూసుకోవడమే దీనికి మందు.

ఇక దిద్దుబాటు. బాణీ ముందే ఉంటే కొత్త మాట పాత మాటంతే తూగాలి. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికీ సున్నా ఉన్న అక్షరానికీ అదే మాటలో ఒత్తక్షరం ముందున్న అక్షరానికీ రెండు మాత్రల చొప్పున లెక్కించండి. ‘గుండె మండిపోయె’ 9 మాత్రలు, ‘నీరు పలుచనాయె’ కూడా 9. పైన రాసిన ప్రతి పాదం 11, 9గా విరుగుతుంది. కాబట్టి మొదటి మూడు పాదాల్లో రెండో సగం మారిస్తే చాలు, నాలుగోది మాత్రం మొత్తం మార్చాలి:

నువ్వు లేని దారిలో నీరు పలుచనాయె
చిన్ననాటి జ్ఞాపకం అడుగున ఒండ్రాయె
పలకరింపు లేకనే మేట పెరిగిపోయె
కడలి చెంత చేరగా నిన్ను తాకుతాను

మూడో పాదం చిత్తుప్రతి కంటే బలపడింది. ప్రవాహం మందగించిన చోటే ఇసుక దిగి మేట వేస్తుంది. పలకరింపు తగ్గితే మౌనం పెరగడమూ అంతే. గోడకు ఈ కార్యకారణం లేదు, దాన్ని ఎవరో పనిగట్టుకుని కట్టాలి. పోలికలోని ప్రకృతి ధర్మం కథలోని కారణంతో కలిసిందంటే మాట సరైన చోట పడిందన్నమాట.

చివరి పాదంలో ‘కడలి ఒడి’ అని రాయాలని కలం తొందరపడుతుంది. ఒడి అమ్మది, వద్దు. అసలు చిక్కు కడలితోనే. పట్టీలో దానికి అర్థం ఇవ్వలేదు. నది పాటలో కడలి అనగానే చాలామందికి మరణం తడుతుంది. ఇక్కడ ముసలితనంలో కలుసుకోవడం అనుకుంటే, రెండో చరణంలో వయసు మీదపడ్డ సూచన పడాలి, లేకపోతే అన్నదమ్ములు చనిపోయాకే కలుస్తారని వింటారు. నది వెనక్కి పారదు కాబట్టి ‘పాత ఇంటికి తిరిగి వెళ్దాం’ అనే ముగింపు ఈ పాటకు కుదరదు. ఆ ముగింపే కావాలనుకుంటే నదిని వదిలి, తిరిగొచ్చేది ఏదైనా పోలికగా తీసుకోవాలి. వలసపక్షి పనికొస్తుంది.

అభ్యాసం: రెండో చరణం నాలుగు పాదాలు, 11, 9 విరుపుతో రాయండి. వరద, సుడి, రేవు అనే మూడింటిలో రెండే వాడండి. రేవు తీసుకుంటే జాగ్రత్త, అక్కడ నీళ్లకు దిగేది మనుషులు, పాయ కాదు. వచ్చే పాఠంలో పల్లవి మొదటి మాటలోనే నదిని పేరు పెట్టి పిలవాలా, దాచాలా అనేది చూద్దాం.