ఎస్‌ఓపీ బుల్లెట్ పాయింట్ల లిస్ట్‌లా కాకుండా సాఫీగా చదివించేలా రాయడం ఎలా?

ప్రతి అడ్మిషన్ సీజన్‌లో ఎవరో ఒకరు ఎస్‌ఓపీ, అంటే కాలేజీ అప్లికేషన్‌తో పెట్టే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, పంపి "అన్నా, గ్రామర్ ఒక్కటి చూసిపెట్టవా" అంటారు. గ్రామర్ బానే ఉంటుంది. కానీ రెజ్యూమెలో బుల్లెట్లు చెరిపేసి ఫుల్‌స్టాప్‌లు పెట్టినట్టు ఉంటుంది, అదే అసలు గొడవ. ఏ భాషలో రాసినా జబ్బు ఇదే కాబట్టి ఉదాహరణలు తెలుగులోనే ఇస్తున్నా.

1. ప్రింట్ తీయండి. ఒక పెన్ను చాలు. ఫోన్‌లో ఎడిట్ చేయొద్దు, చేస్తే నాకు పంపొద్దు. స్క్రీన్ మీద ఒకేసారి అర పేరా కూడా కనిపించదు, ఇక పేరాకీ పేరాకీ లింకు ఎలా కనిపిస్తుంది?

2. వాక్యాల మొదళ్లూ చివర్లూ రౌండ్ చేయండి. చివర్లన్నీ చేశాను, నేర్చుకున్నాను, గెలిచాను, చేరాను అని తాళం వేస్తున్నట్టు వస్తున్నాయా? మొదళ్లన్నీ 'నేను' లేదా 'తర్వాత' ఉన్నాయా? 'నేను' చాలా వరకు కొట్టేయొచ్చు, 'చేశాను' అన్నప్పుడే ఎవరు చేశారో తెలిసిపోయింది కదా.

3. కలపాల్సినవి కలపండి, మిగతావి పొట్టిగా వదిలేయండి. ఇలాంటి పేరా చూడండి:

"నేను రెండో సంవత్సరంలో నేల తేమ కొలిచే సెన్సర్ తయారు చేశాను. నేను పైథాన్ నేర్చుకున్నాను. నేను కాలేజీ పోటీలో బహుమతి గెలిచాను."

మూడు వాక్యాలు, మూడింటికీ ఒకే మొదలు, ఒకే ముగింపు. రాసినాయన్ని కూర్చోబెట్టి అసలు పైథాన్ ఎందుకు నేర్చుకున్నావని అడిగితే అప్పుడు బయటపడింది కథ. దాంతో ఇలా మారింది:

"రెండో సంవత్సరంలో నేల తేమ కొలిచే సెన్సర్ ఒకటి తయారు చేశాను. ల్యాబ్‌లో బానే పనిచేసింది. బయట మట్టిలో పెట్టిన మూడో రోజుకే రీడింగులు తేడా కొట్టడంతో, తప్పు సెన్సర్‌దా లేక మట్టిలో ఉన్న ఉప్పుదా అని తేల్చుకోడానికి డేటా మొత్తం ముందేసుకుని పైథాన్ నేర్చుకోక తప్పలేదు."

మధ్యలో ఉన్న ఆ పొట్టి వాక్యం వల్లే తర్వాతి పొడుగు వాక్యం భారం అనిపించట్లేదు. బహుమతి ఏమైంది అంటారా, అది రెజ్యూమెలో ఎలాగూ ఉంది.

ఒక జాగ్రత్త, కలపమన్నాం కదా అని "వెళ్లి, చూసి, నేర్చుకుని, తయారు చేసి" అని రైలు కట్టొద్దు. వరసగా రెండు దాటితే నేను కొట్టేస్తా. పనిచేసేవాళ్లు మారినప్పుడు కూడా చూసుకోండి. "రీడింగులు మారి నేను నేర్చుకున్నాను" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, "మారడంతో" అంటే సరిపోతుంది.

4. పేరా నుంచి పేరాకి వెళ్లడం. తొంభై శాతం మంది ఇక్కడే చెడగొడతారు, కాబట్టి నిదానంగా చదవండి.

అందరూ చేసేది ఏంటంటే, కొత్త పేరా మొదట్లో "అంతేకాకుండా", "అలాగే", "మరోవైపు" అతికించడం. ఇలాంటి పదాల లిస్టులు దాచుకుని పేరాకొకటి చొప్పున వాడేవాళ్లు ఉన్నారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. "అంతేకాకుండా" అంటే ఇంకోటి కూడా ఉంది అని మాత్రమే అర్థం, అంటే అదీ బుల్లెట్టే, కాకపోతే అక్షరాల్లో రాసిన బుల్లెట్టు.

టెస్ట్ చెప్తా. ఆ పదాలన్నీ కొట్టేసి, రెండో పేరానీ మూడో పేరానీ అటూ ఇటూ మార్చి చదవండి. ఏమీ తేడా తెలియలేదంటే అక్కడ లింకు లేనట్టే.

లింకు మొదట తయారయ్యేది పై పేరా చివరి వాక్యంలో. అక్కడ తేలకుండా మిగిలిపోయినది ఒకటి వదలాలి, దాన్నే కింది పేరా మొదటి వాక్యం అందుకోవాలి. పైన సెన్సర్ పేరాకి చివర్లో ఇంకో వాక్యం చేర్చి, "ఉప్పు లెక్క తేలింది గానీ, ఒక్క సెన్సర్‌కే తేలింది" అని ముగించాం. తర్వాతి పేరా "నేను ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను" అని ఉండేది, దాన్ని "అలాంటివి రెండొందలు ఒకేసారి పనిచేస్తుంటే ఏ ఒక్కటి తప్పు చెప్తోందో ఎలా పట్టుకోవాలన్నది ఇంటర్న్‌షిప్‌లో నా పని" అని మార్చాం. 'అలాంటివి' అన్న ఒక్క మాట పైకి చూపిస్తోంది, కొత్త సంగతి ఆ తర్వాతే వస్తోంది. తెలిసినది ముందు, తెలియనిది తర్వాత, ఈ వరస తిరగబడితే చదివేవాళ్లు ఆగి వెనక్కి వెళ్తారు.

ఇంకో ప్రమాదం, లేని సంబంధం పుట్టించడం. సెన్సర్ ప్రాజెక్ట్ వల్ల ఇంటర్న్‌షిప్ రాకపోతే "అందువల్ల" రాయకండి. ఇంటర్వ్యూలో ఆ ఒక్క ముక్క పట్టుకుని అడిగితే ఇరుక్కుంటారు. నిజంగానే సంబంధం లేదంటే "ఆ ఏడాదే, దీనితో సంబంధం లేకుండా" అని రాసేయండి, ఏం పర్లేదు. ఇంకా మంచిది, ఆ పేరా అసలు అవసరమా అని చూసుకోండి. నేను చూసినవాటిలో చాలాసార్లు లింకు దొరకని పేరా తీసేస్తే ఎవరికీ లోటు తెలియలేదు.

అన్ని పేరాలకీ ఇదే ట్రిక్ మాత్రం వద్దు. ప్రతి పేరా సస్పెన్స్‌తో ఆగితే సీరియల్ ఎపిసోడ్‌లా ఉంటుంది. రెండు చోట్ల చాలు, మిగతాచోట "మూడో సంవత్సరంలో" అని కాలంతో మొదలెట్టినా సరిపోతుంది.

5. బయటికి చదవండి. మీరు కాదు, వేరేవాళ్ల చేత చదివించండి. మీరైతే రాసింది కాకుండా రాద్దామనుకున్నది చదువుతారు. వాళ్లు ఎక్కడ తడబడి వెనక్కి వెళ్లారో అక్కడ పెన్నుతో గీత పెట్టండి, ఎందుకని అడక్కండి, అడిగితే మొహమాటానికి బానే ఉంది అంటారు.