రివ్యూలు లేని కొత్త యాప్ ప్లే స్టోర్ సెర్చ్‌లో కనిపించడానికి నేను చేసింది (నా అనుభవం)

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం మేత లెక్క రాసుకునే యాప్ పెట్టాం. ప్లే స్టోర్‌లో పేరు పూర్తిగా కొడితే తప్ప కనబడేది కాదు, పేజీ దాకా వచ్చినవాళ్లూ ఇన్‌స్టాల్ చేయకుండా వెళ్లిపోయేవాళ్లు. కాస్త డబ్బు పెట్టి యాడ్ వేశాం, వివరణ పొడవు పెంచాం, రెండూ పని చేయలేదు.

పని చేసింది ఇదీ. ముందు ఆకివీడు, ఉండి వైపు రైతుల ఫోన్లు తీసుకుని "దీనికోసం ఏమని వెతుకుతారండీ?" అని అడిగి, వాళ్లు టైప్ చేస్తుంటే చూశాను. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో royyala అనే కొట్టారు. ప్లే స్టోర్‌లో కీవర్డ్‌లకు వేరే గడి ఉండదు కాబట్టి ఆ మాటలు ముఖ్యంగా 30 అక్షరాల టైటిల్‌లో ఇమడాలి: Cheruvu Lekka: Royyala Meta. 80 అక్షరాల చిన్న వివరణలో రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే, రోజువారీ మేత లాంటి మాటలు సాఫీగా చదివేలా రాసి, తెలుగు లిస్టింగ్ విడిగా జతచేశాను.

తర్వాత మొదటి స్క్రీన్‌షాట్. లాగిన్ పేజీ తీసేసి, ఒక చెరువు వారం లెక్క నిండుగా ఉన్న పేజీ పెట్టి, పైన పెద్ద అక్షరాల్లో "ఈ రోజు మేత ఎంత?" అని రాశాను. రివ్యూలు లేనప్పుడు నమ్మకం కలిగించేది ఈ బొమ్మే అని నా అభిప్రాయం. ఐకాన్‌లో అక్షరాలు తీసేసి ఒక్క రొయ్య ఉంచాను, చిన్న సైజులోనూ గుర్తుపట్టేలా.

ఒక్కో మార్పుకీ మధ్య కొన్ని రోజులు ఆగాను, లేకపోతే దేనివల్ల పెరిగిందో తెలియదు. రెండు రకాల పేజీలు వేర్వేరు జనానికి చూపించి పోల్చే ఏ/బి పరీక్ష జోలికి పోలేదు, ఇంత తక్కువ మంది వస్తే ఫలితం తేలదు. royyala అని కొడితే ఇప్పుడు మొదటి తెరలోనే వస్తోంది. కానీ ఈ మాటకు పోటీ తక్కువ, ఖర్చుల లెక్క లాంటి యాప్‌కి ఇంతే చాలుతుందని చెప్పలేను.